ఎవరి ఉద్యోగము ముందు?



మన తండ్రుల కాలములో కాపురము ఎక్కడ పెట్టవలెనను ప్రశ్న కుటుంబములలో లేకపోయెను. పురుషునికి పని దొరికిన చోటికి భార్య పెట్టె సర్దుకొని పోయెడిది. నేడు మన పల్లెలలో సహితము ఆలుమగలు ఇరువురును ఉద్యోగము చేయు ఇండ్లు అనేకములు కలవు. ఒకరికి దూరపు ఊరిలో మంచి పని వచ్చినప్పుడు రెండవవారి పని ఏమి కావలెను? ఈ ప్రశ్నను మేము మొదట తప్పుగా తీర్చితిమి. దానిని దాచుట మంచిది కాదు గనుక చెప్పుచున్నాము.

2024 జూన్ నెలలో ఒక దంపతులు మా యొద్దకు వచ్చిరి. ఆమె ఒంగోలు దగ్గరి మండలములో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, జీతము 48,000 రూపాయలు. ఆయన ఒంగోలులో ఒక మందుల వ్యాపార సంస్థలో లెక్కలు వ్రాయువాడు, జీతము 26,000. ఆయనకు విశాఖపట్టణములో 45,000 జీతముతో పెద్ద బాధ్యత గల పని వచ్చినది. పదునైదు రోజులలో చేరవలెను. వారికి ఆరేండ్ల పాప కలదు.

మేము వెంటనే ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయము 22వ వచనమును జ్ఞాపకము చేసి, భర్త వెంట పొమ్మని ఆమెకు చెప్పితిమి. ఆమె తల వంచుకొని, “మీ ఇష్టము, అయ్యగారూ” అనెను. ఆ మాట ఒప్పుదల కాదని మాకు ఆ రాత్రి తెలిసినది. ఒప్పుకొన్న మనిషి ప్రశ్నలు వేయును: ఇల్లు ఎక్కడ, బడి ఎక్కడ, ఎప్పుడు బయలుదేరవలెను అని. ఆమె ఒక్క ప్రశ్నయు వేయలేదు. మరల బైబిలు తెరచి చూడగా, ఆ వచనమునకు ముందున్న 21వ వచనము లోబడుటను ఇరువురి మీదను మోపుచున్నదని గ్రహించితిమి. మరునాడు వారి ఇంటికి పోయి మా మాట వెనుకకు తీసికొంటిమి.

అప్పుడు మేము వారిని ఒక పని చేయుమంటిమి. ఇరువురును వేరువేరు కాగితముల మీద, ఈ మార్పు వలన తనకు పోవునది ఏమి, పోయినది మరల దొరకునా లేదా అని వ్రాయవలెను. ఎవరి జీతము ఎక్కువ అని మొదట అడిగినయెడల తక్కువ జీతము గలవారు నోరు మెదపకముందే ఓడిపోవుదురు. పోయినది తిరిగి వచ్చునా అని అడిగినయెడల ఇరువురును సమానముగా కూర్చుండగలరు.

ఆమె కాగితములో ఇట్లుండెను. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల ఉద్యోగము జిల్లాకు కట్టుబడినది. జిల్లా దాటి పోవుటకు ప్రభుత్వము అవకాశమిచ్చు వరకు ఆగవలెను. ఆయన ప్రైవేటు ఉద్యోగి గనుక ఇరువురు ప్రభుత్వోద్యోగులకు ఉండు దంపతుల సౌకర్యము ఆమెకు అక్కరకు రాదు. విశాఖనుండి ఇటు రాగోరు ఉపాధ్యాయురాలు దొరికి పరస్పర బదిలీ జరిగినను, కొత్త జిల్లాలో సాధారణముగా సీనియారిటీ జాబితా చివర చేరవలసి యుండును. రాజీనామా చేసినచో వెనుకటి సర్వీసు పోవును. మరల కావలెనన్న కొత్తగా పరీక్ష వ్రాయవలెను. ఆ వయస్సు పరిమితి లోపల అది జరుగునో లేదో తెలియదు.

ఆయన కాగితము చిన్నది. “2018లో నెల్లూరులో నా పని విడిచి ఆమె పోస్టింగు దగ్గరకు వచ్చితిని. తరువాతి మారు నాది అని ఇద్దరమును అనుకొంటిమి. ఆరేండ్లాయెను. ఆ మాట ఆమెకు జ్ఞాపకమున్నదో లేదో.”

ఆమె అది చదివి చాలసేపు మాటలాడలేదు. తరువాత, “జ్ఞాపకమున్నదండీ. మీరు మరల ఎత్తలేదు గనుక మీకు అక్కరలేదనుకొంటిని” అనెను.

చూడండి, ఎక్కడ చెడినదో. ఆయన తన వంతును అడుగలేదు, ఆమె చెప్పలేదు. నోటిమాటగా ఉన్న వంతు ఎన్నటికిని రాదు. ఏటేట పాప చదువో, ఇంటి మరమ్మతో, అత్తగారి వైద్యమో అడ్డము వచ్చును. కలిసి బ్రదుకువారి మధ్య ఇట్టి బాకీ పెరుగుచున్నదని ఒక గురుతు వలన తెలిసికొనవచ్చును: ఒకప్పుడు తన పనిని గూర్చి ఇంటిలో ముచ్చటించినవారు, ఆ ముచ్చట మానివేయుదురు.

పిమ్మట లెక్క వేసితిమి. ఆయన ఒక్కడే పోయినయెడల జీతము 19,000 పెరుగును. అక్కడ గది, భోజనము 12,000. నెలకు రెండుమార్లు రాత్రి రైలులో వచ్చి పోవుటకు 2,000. సాయంత్రము పాపను చూచు మనిషికి 3,000. మిగులునది 2,000 రూపాయలు మాత్రమే. అంతవరకు ఆయన జీతము కొరకే పోవుచున్నానని చెప్పుచుండెను. ఆ అంకెను చూచి నవ్వి, “డబ్బు కొరకు కాదు. నేను నేర్చిన పనిని పూర్తిగా చేయు చోటు ఒకటి కావలెను” అనెను. నిజమైన కారణము లెక్క పూర్తియైన తరువాతనే బయటికి వచ్చినది. అట్టి కారణము డబ్బు కంటె తక్కువది కాదు. దానిని డబ్బు పేరు పెట్టి చెప్పినప్పుడే ఎదుటివారు డబ్బుతోనే కొట్టివేయుదురు.

చివరకు వారు ఒక కాగితము మీద నాలుగు మాటలు వ్రాసి ఇరువురును సంతకము చేసిరి. ఆయన ఒక సంవత్సరము విశాఖకు పోవును. ఆమె రాజీనామాను గూర్చి ఆ సంవత్సరములో ఎవరును, బంధువులు సహితము, ఎత్తకూడదు. ఆమె పరస్పర బదిలీకి మనిషిని వెదకును. ఆయన తన సంస్థలో దగ్గరి ఊరి శాఖకు అడుగును. 2025 మే నెలలో వేసవి సెలవులలో మరల కూర్చుందురు. అప్పుడు ఎవరు “ఇది నాకు పొసగుటలేదు” అన్నను, ఆ మాటకు కారణములు చెప్పవలసిన అగత్యము లేదు.

ఆ మే నెల వచ్చినది. బదిలీకి మనిషి దొరకలేదు. పాప తండ్రి పోవు రాత్రులలో ఏడ్చుచున్నదని ఆమె చెప్పెను. ఆయన విజయవాడ శాఖను, కొంత తక్కువ జీతమునకైనను, అడిగి పుచ్చుకొనెను. ఒంగోలునుండి అది కొన్ని గంటల ప్రయాణము. ఇప్పుడు ప్రతి శనివారము ఇంటికి వచ్చుచున్నాడు. ఇది ఇరువురు కోరినది కాదు. అయినను ఇరువురును తెలిసి ఒప్పుకొన్నది.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు ఉన్నారు. ఇరువురిదియు డేరాలు కుట్టు పనియే. రోమా విడిచి కొరింథుకును, అక్కడనుండి ఎఫెసుకును పోయిరి. ఇరువురిదియు ఒకే పని గనుక ఊరు మారినను పని వెంట వచ్చినది. మన బిడ్డలకు ఆ వసతి లేదు. ఒకరి పని ఒక జిల్లాకు, మరియొకరి పని ఒక సంస్థకు కట్టుబడియున్నవి. గనుక ఎవరో ఒకరు కొంత విడువవలసియే యుండును. విడిచినది ఎవరు, ఎంతకాలము, తరువాత ఎవరి వంతు అనునవి తేదీ వేసి వ్రాసికొనుడి.

సంఘ పెద్దలకును మాకును ఒక మాట. అట్టి దంపతులు మన యొద్దకు వచ్చినప్పుడు తీర్పు చెప్పుటకు తొందరపడకుందము. రెండు కాగితములు ఇచ్చి, కొంతసేపు బయట అరుగు మీద కూర్చుందము.