బియ్యం బాకీ, పప్పు చెల్లు

పొద్దున్నే పొయ్యి మీద పులగం ఉడుకుతోందా? గిన్నెలోకి ఓసారి చూడండి. బియ్యమూ పెసరపప్పూ కలిసే ఉడుకుతుంటాయి.

ప్రొటీన్‌లో మన ఒంటికి కావలసిన లైసిన్ బియ్యంలో తక్కువ. పప్పులో దండిగా ఉంటుంది. పప్పులో మెథియొనిన్ తక్కువ. అది బియ్యం ఇస్తుంది. ఇరుగుపొరుగు చేబదుళ్ల లాంటి లెక్క ఇది.

పాలూ పెరుగూ మానేసిన ఇంట్లో ఈ చేబదులు రోజూ జరగాలి. ఇదివరకు చివరి పెరుగన్నం ఆ లోటు పూడ్చేది. ఇప్పుడా పని పప్పుదే. మూడు గుప్పిళ్ల బియ్యానికి ఒక గుప్పెడు పప్పైనా పడాలి.

చిక్కు పప్పుచారు దగ్గరే. గరిటె ఎత్తితే నీళ్లలా జారిపోయిందా, అందులో పప్పు పేరుకే. ముద్దపప్పు గరిటెకు అంటుకుంటుంది. పిల్లల కంచంలో ముందు అది పడాలి.

బియ్యమూ పప్పూ ఒకే పూట తినాలనేం లేదు. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం జొన్నరొట్టె, రాత్రి శనగల కూర. లెక్క ఒళ్లే సరిచూసుకుంటుంది. బియ్యం బాకీ పప్పు తీరుస్తుంది, పప్పు బాకీ బియ్యం.

శనగలు నానబెట్టడం మా ఇంట్లో తరచూ మర్చిపోతాం. ఆ రోజు పెసరపప్పే దిక్కు. నానకపోయినా ఇట్టే ఉడుకుతుంది.