టాపిక్ మార్చమని అడిగే ఉత్తరం

చివరి ఏడాదిలో డిసర్టేషన్ అంశం మార్చుకోవాలంటే గైడ్‌కు ఉత్తరం రాయాలి. “ఆసక్తి తగ్గింది మేడమ్” అని మాత్రమే రాస్తే ఆవిడ ఏం చూసి ఒప్పుకోవాలి?

ఒక ఎమ్మెస్సీ విద్యార్థినిని ఊహించుకుందాం. నల్లగొండ జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ పదేళ్లలో ఎలా మారిందన్నది ఆమె అంశం. తీరా చూస్తే పాత రికార్డుల్లో ఊరి పేరే ఉంది, ఏ బోరో రాయలేదు. ఒకే ఊళ్లో బోరుబోరుకీ ఫ్లోరైడ్ మారుతుంది కాబట్టి ఆ పోలిక నిలబడదు. ఉత్తరం మొదటి పేరాలోనే ఈ మాట చెప్పాలి, రికార్డు నకలు జతచేయాలి.

ఆ తర్వాత కొత్త ప్రశ్న: అవే ఊళ్లలో బోరు లోతుకూ ఫ్లోరైడ్‌కూ సంబంధం ఉందా? ఇలా మారిస్తే ఇప్పటికే తెచ్చిన నీటి నమూనాలు, చదివిన వ్యాసాలు వృథా కావు. నా దృష్టిలో గైడ్‌ను ఒప్పించేది ఇదే. ఇంకా ఏం కొలవాలో, అది గడువులోగా ఎలా పూర్తవుతుందో వారాలవారీగా రాయాలి. బోరు లోతుకు చాలాచోట్ల రైతు చెప్పిన మాటే ఆధారం. ఆ లోపాన్ని మేడమ్ అడగకముందే తనే రాయాలి. డిపార్ట్‌మెంట్ అనుమతి కూడా కావాలా అని చివర్లో అడగాలి.