‘ఆ ఏడు’ ఎటువైపు?

మా ఎడ్లపాడులో పత్తి సేద్యం చేసిన పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసి, మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌కు ఇస్తుంటాను. నా దగ్గరున్నది మాటల్ని వరసగా పేర్చి ఇస్తుందంతే. చుక్కలు, కామాలు, పేరాలు పెట్టే పని నాది. ఆ పని చేసేటప్పుడు నా మనసు ఎటు మొగ్గుతోందో ఈమధ్య గమనిస్తున్నాను.

ఒక బాబాయి చెప్పింది ఇలా వచ్చింది:

“పత్తికి పచ్చపురుగు పట్టింది మందు కొట్టి కొట్టి అప్పయింది తీర్చలేకపోయా ఆ ఏడు ఎడ్లు అమ్మేశా మా అయ్య వద్దురా అన్నాడు నేను వినలా”

మొదట్లో చిక్కు లేదు. ‘పట్టింది’ దగ్గర వాక్యం ముగుస్తుంది, ‘కొట్టి కొట్టి’ దగ్గర ముగియదు. చుక్కలు పెట్టే ప్రోగ్రాములకు కూడా ఈ తేడా బాగానే పట్టుబడుతుంది. చివరి ‘వినలా’ దగ్గర మాత్రం అవి ప్రశ్నార్థకం పెట్టే ప్రమాదం ఉంది. అది ‘వినలేదు’కు మా వైపు మాట, దీర్ఘం చూసి ప్రశ్న అనుకుంటే బాబాయి మాట తలకిందులవుతుంది.

అసలు చిక్కు ‘ఆ ఏడు’తో. “తీర్చలేకపోయా. ఆ ఏడు ఎడ్లు అమ్మేశా” అంటే ఎడ్లు పోయింది ఆ సంవత్సరమే. “తీర్చలేకపోయా ఆ ఏడు. ఎడ్లు అమ్మేశా” అంటే అప్పు నిలిచింది ఆ ఏడు, ఎడ్లు ఎప్పుడు పోయాయో ఆయన చెప్పలేదు. చూడగానే నా చెయ్యి మొదటి దానికే వెళ్తుంది. కాలం ముందు, క్రియ చివర ఉండాలని బడిలో అబ్బిన అలవాటు అది. పుస్తకాల భాషతో నేర్చిన ప్రోగ్రామూ అటే మొగ్గుతుంది. కానీ మాట్లాడేవాళ్లు క్రియ తర్వాత కూడా గుర్తొచ్చింది చేరుస్తారు.

అక్షరాలు చూసి తేలదు, వినాలి. తర్వాత చేర్చిన మాట సాధారణంగా ముందు క్రియను అంటిపెట్టుకుని, తగ్గిన గొంతులోనే వస్తుంది. కొత్త వాక్యానికి గొంతు మళ్లీ లేస్తుంది. బాబాయి గొంతు ‘ఎడ్లు’ దగ్గర లేచింది. చుక్క ‘ఏడు’ తర్వాతే పెట్టాను. ‘ఆ ఏడు’ను జరిపి “ఆ ఏడు తీర్చలేకపోయా” అని రాస్తే నునుపుగా చదువుకోవచ్చు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ నునుపు నాది, ఆయనది కాదు. అందుకే జరపను.

పేరా దగ్గర ఇంకో ఆశ పుడుతుంది. ‘అమ్మేశా’ తర్వాత ఆయన చాలాసేపు ఆగాడు. అక్కడ పేరా విరిచి, తండ్రి మాటను విడిగా నిలబెడితే చదివేవాళ్ల గుండె పట్టుకుంటుందని నాకు తెలుసు. కానీ ఆగినంత మాత్రాన విషయం మారదు. సేద్యం చేసినవాళ్లు వాక్యం మధ్యలోనూ ఆగి ఆలోచిస్తారు. కొత్త సంగతో, కొత్త కాలమో మొదలైతే పేరా విరుస్తాను. ఇక్కడ సంగతి మారలేదు: తండ్రి వద్దన్నది ఎడ్లు అమ్మడాన్నే. రెండూ ఒకే పేరాలో ఉంచాను.