తెర ఆగిన తర్వాత

సదస్సులో వందన సమర్పణ అనగానే కుర్చీలు జరిపే చప్పుడు మొదలవుతుంది. భోజనాల వేళ దాటిపోతుంటుంది మరి. అయినా ఒడిశాలో మా డొరగుడ వైపు సభల్లో ఆ చివరి అయిదు నిమిషాలకు పెద్ద పనే ఉంది. స్లైడ్లు ఇంగ్లీషులో వస్తాయి. వెనక వరసల్లో ఉన్నవాళ్లు దేశియా, కువి, తెలుగు మాట్లాడే రైతులు. తెర మీద ఏం చూపించారో వాళ్ల మాటలో చెప్పే అవకాశం చాలాసార్లు వందన సమర్పణ చేసేవారికే దక్కుతుంది.

దేశవాళీ వరి మీద జరిగిన ఒక సదస్సులో ఆ పని నాకు అప్పగించారు. కాగితం నిలువుగా మడిచి, ఎడమ పక్క పేర్లు, కుడి పక్క ఒక్కో వక్తకు ఒక్కో వాక్యం రాసుకుంటూ కూర్చున్నాను. స్లైడు మీది అక్షరాలు ఎక్కించుకుంటే చాలదు. వక్త ఎక్కడ ఆగారో, ఎక్కడ తెర వదిలి మనవైపు తిరిగారో చూసుకోవాలి.

ఒక స్లైడు మీద, 1950ల్లో జయపురం ప్రాంతంలో సర్వే చేసినవాళ్లు 1,700కు పైగా వరి రకాలు సేకరించారని ఉంది. ఎవరికైనా గుర్తుండేది ఆ అంకే. కానీ వక్త అక్కడ ఆగి, ఒకే వడ్లకు రెండు ఊళ్లలో రెండు పేర్లు ఉండొచ్చు, కాబట్టి సేకరించిన నమూనాలన్నీ వేర్వేరు రకాలని అనుకోకండి అన్నారు. ఆ జాగ్రత్త తెర మీద లేదు. అంకె చెప్పి జాగ్రత్త వదిలేస్తే ఆయన మాటను సగానికి కోసినట్టే. నేను రెండూ చెప్పాను. ఎవరికైనా కృతజ్ఞత చెప్పడమంటే ముందు ఆ మనిషి అన్నది అన్నట్టుగా నిలబెట్టడమని నా నమ్మకం.

ఇంకో స్లైడు కొరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో వచ్చిన భౌగోళిక గుర్తింపు గురించి. ధ్రువపత్రం బొమ్మ చూపించారు. వెనక వరసలకు దాని అర్థం విడమరిచి చెప్పాలి కదా: నల్ల జీలకర్రలా కనిపించే ఈ వడ్లను వేరేచోట పండించి ఈ పేరుతో అమ్మడం కుదరదు. అయితే ఆ ముద్రే ధర తెచ్చిపెట్టదు, కొనేవాళ్లను మనమే వెతుక్కోవాలి. పత్రాపుట్ ఊరి కమలా పూజారిగారి ఫోటో కూడా చూపించారు. విత్తనాలు దాచి కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్న మనిషి. ఆమె పేరు చెప్పగానే వెనక వరసల్లో తలలు లేచాయి.

పేర్లు చివర చదివాను. అధ్యక్షులు, వక్తలు, హాలు ఇచ్చినవారు, మైకు చూసిన అబ్బాయి. వంటవాళ్ల పేర్లు పొద్దున్నే పొయ్యి దగ్గరకు వెళ్లి అడిగి రాసుకున్నాను. మన అన్నం వండినవాళ్లను ‘తదితరులు’లో కలిపేయడం నాకు నచ్చదు.