ఎన్ని షేర్లు అన్న ప్రశ్న

ట్రేడింగ్ క్లబ్బులో కొత్తగా చేరినవారు సీనియరు నోట వినగోరేది ఏ షేరు కొనాలన్నదే అయినా, మార్కెట్లో ఏళ్ల తరబడి నిలిచినవాడి ప్రసంగం ఎన్ని షేర్లు కొనాలన్న దగ్గర మొదలుకావాలి. వినడానికి చప్పగా ఉండే ఈ ప్రశ్న ఎందుకు ముందు రావాలో చెప్పడానికి కుత్బుల్లాపూర్‌లో మాట్లాడే గురువు దూరం పోనక్కరలేదు. సత్యం కంప్యూటర్స్ పెద్ద ప్రాంగణం ఒకటి ఆ చుట్టుపక్కల బహదూర్‌పల్లిలోనే ఉండేది.

2009 జనవరి 6న సుమారు 179 రూపాయల వద్ద ముగిసిన సత్యం షేరు, మర్నాడు మార్కెట్ నడుస్తుండగానే కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన లేఖ బయటపడడంతో కుప్పకూలి, సాయంత్రానికి 40 రూపాయల దగ్గరికి వచ్చింది. స్టాప్‌లాస్, అంటే ధర ఒక గీత దిగితే అమ్మేయమని బ్రోకరుకు ముందే ఇచ్చి ఉంచే ఆర్డరు, కాపాడదా అని కొత్తవాడు అడుగుతాడు. ఆ ఆర్డరు అమ్మకాన్ని మొదలుపెట్టగలదే గాని కొనేవాణ్ణి పుట్టించలేదు. పైగా ఫలానా ధరకు తగ్గితే అమ్మవద్దన్న పరిమితి అందులో ఉంటే, ధర ఒక్క ఊపున దాన్ని దాటిపోయాక ఆర్డరు అలాగే వేలాడుతుంది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ నడిచే షేర్లకు సర్క్యూట్, అంటే ధర దిగకుండా రోజుకింతని పెట్టే స్థిరమైన హద్దు, ఉండదు గనుక సత్యం పతనం మధ్యలో ఎక్కడా ఆగలేదు.

లక్ష రూపాయల పెట్టుబడి ఉన్నవాడు ఒక్క ట్రేడులో ఒక శాతానికి, అంటే వెయ్యి రూపాయలకు, మించి పోగొట్టుకోకూడదని నిర్ణయించుకుని, 179కి కొని 169 వద్ద స్టాప్‌లాస్ పెట్టాడనుకుంటే, షేరుకు పది రూపాయల నష్టం చొప్పున అతనికి వంద షేర్లు వస్తాయి. స్టాప్‌లాస్ పనిచేయక 40కి అమ్ముకున్నా పోయేది 13,900; దెబ్బ గట్టిదే గాని, మిగిలిన సొమ్ముపై సుమారు 16 శాతం సంపాదిస్తే పూడుతుంది. అదే స్టాప్‌లాస్‌తో, బ్రోకరు అరువిచ్చే మార్జిన్ సాయంతో వెయ్యి షేర్లు కొన్నవాడికి నష్టం 1,39,000. లక్షా పోగా బ్రోకరుకు 39,000 బాకీ.

క్లబ్బు ప్రసంగాల్లో ఓర్పు, నిబ్బరం గురించి చెప్పేది కొంచెం ఎక్కువే. నిబ్బరంగా కూర్చున్నవాడికీ కంగారుపడినవాడికీ ఆ రోజు ఎదురైంది ఒకే పతనం. వారి మధ్య తేడా అంతా లేఖ రాకముందు, ఆర్డరులో సంఖ్య వేసినప్పుడే తేలిపోయింది.

ఈ లెక్క ట్రేడింగ్ ఖాతాతో ముగియదు. సత్యం ఉద్యోగుల్లో జీతంతో పాటు కంపెనీ వాటాలూ అందుకున్నవారికి షేరు పడిన రోజునే కొలువు మీదా నీడ పడింది, ఇంటి లోను కిస్తీ మాత్రం ఆగలేదు. అందుకే కొత్త సభ్యుడు ట్రేడుల పుస్తకంలో షేరు పేరు, సంఖ్య, స్టాప్‌లాస్‌లతో పాటు తన జీతం ఏ కంపెనీ నుంచి, ఏ రంగం నుంచి వస్తోందో కూడా రాసుకుని, అదే రంగం షేరు కొనేటప్పుడు వంద వచ్చే చోట యాభైతో సరిపెట్టుకోవాలి.