గడ్డం కింది గడ్డం

తెలుగులో ఒక చిక్కుంది. ముఖం మీద పెరిగే వెంట్రుకల్నీ గడ్డమే అంటాం, పెదవి కింద ఉండే భాగాన్నీ గడ్డమే అంటాం. చుబుకం అనే మాట ఉంది కానీ, అది కావ్యాల్లో నాయికలకే ఉంటుంది. మామూలు మనుషులకి ఉండేది గడ్డమే. "నాన్న ఫోటోలో గడ్డం తీసెయ్‌రా" అని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు ఈ చిక్కు నాకు తట్టలేదు. పని మొదలుపెట్టిన రెండో రాత్రి తట్టింది.

పెదనాన్న పోయి అప్పటికి మూడు రోజులు. పెద్దకర్మ నాటికి గోడకి ఫోటో కావాలి. ఆయన ఫోటోలు దిగే మనిషి కాదు. ఉన్నవాటిలో ముఖం స్పష్టంగా కనిపించేది ఒక్కటే. అయ్యప్ప దీక్ష పూర్తయి, శబరిమల వెళ్ళొచ్చి, మాల తీసేసిన రోజు పొద్దున్న, తెల్ల చొక్కాలో వరండాలో కూర్చుని ఉండగా అన్నయ్య ఫోన్లో తీసింది. ఆ తర్వాత గంటకి ఆయన సెలూన్‌కి వెళ్ళి గడ్డం తీయించుకున్నాడు. అంటే నన్ను తయారుచెయ్యమన్న ముఖం ఒకటి నిజంగానే ఉండేది. ఫోటో దిగలేదు, అంతే. "ఊళ్ళో అందరికీ తెలిసిన ముఖం కావాలి, ఈ గడ్డంతో ఎవరో స్వామీజీలా ఉన్నాడు" అన్నాడు అన్నయ్య. అందులో తప్పేమీ కనపడలేదు నాకు.

ఫోటోలు దిద్దడం నాకు సరదా. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, రాత్రిళ్ళు ఇది. గడ్డం పెట్టడం ఇదివరకు చేశాను. అది ఓపిక పని. చెంప మీద వెంట్రుకలు కిందికి, మెడ మీద చాలామందికి పైకో పక్కకో తిరిగి ఉంటాయి. అంచుల్లో పల్చబడాలి, లేకపోతే అతికించినట్టుంటుంది. వెంట్రుకల కింద చర్మం కాస్త నీడలోకి వెళ్ళాలి. గడ్డానికి మందం ఉంటుంది కాబట్టి ముఖం అంచు కూడా కొంచెం బయటికి జరగాలి. ఇవన్నీ కుదిరితే చాలు, ఎవరూ అనుమానపడరు. ఎందుకంటే గడ్డం పెట్టేవాడు కొత్తగా చెప్పేదేమీ లేదు, ఉన్నదాన్ని దాచడమే. ఆ పొర తీసేస్తే కింద అసలు దవడ అలాగే ఉంటుంది.

తీయడం అలా కాదు. వెంట్రుకల వెనక కెమెరాకి అందని చోటుంది. అక్కడ ఏముందో నేను చెప్పాలి. చెప్పి, నమ్మించాలి.

మొదటి రాత్రి అందరూ చేసే తప్పే చేశాను. వెంట్రుకలున్న చోట చర్మం నింపాను, అంచు మాత్రం ఉన్నచోటే ఉంచేశాను. పెదనాన్నకి గవదబిళ్ళలు వచ్చినట్టు తయారయ్యాడు. గడ్డం ముఖం మీద వేసిన రంగు కాదు, ముఖానికి బయట ఉన్న పదార్థం. దాన్ని తీస్తే అంచు లోపలికి రావాలి. ఎంత రావాలన్నది లెక్క వెయ్యొచ్చు. పెద్దవాళ్ళలో రెండు కనుపాపల మధ్య దూరం సుమారు 63 మిల్లీమీటర్లు ఉంటుంది. ఈ ఫోటోలో అది 420 పిక్సెళ్ళు. అంటే మిల్లీమీటరుకి ఆరున్నర పిక్సెళ్ళ పైనే. గడ్డం రోజుకి 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. 41 రోజులు దాటిన దీక్షకి సెంటీమీటరున్నర దాకా వెంట్రుక. అది సూటిగా నిలబడదు, వంకర తిరుగుతుంది కాబట్టి కిందివైపు ఒక సెంటీమీటరు అనుకున్నాను. అంటే పెదవి కింది గడ్డం అంచు 65 పిక్సెళ్ళు పైకి రావాలి. దవడ పక్కల వెంట్రుక అణిగి ఉంటుంది కనుక 20, 25 పిక్సెళ్ళు చాలు. ఇలా చేశాక ముఖం మనిషి ముఖమైంది. పెదనాన్న ముఖం అయిందా అంటే చెప్పలేను. నా లెక్క ఏ మనిషికైనా సరిపోయే లెక్క.

ఇక ఆధారాలు వెతికాను. గడ్డం లేని ఫోటోలు రెండే దొరికాయి. ఒకటి పెళ్ళినాటిది, ఇంకొకటి అన్నయ్య పెళ్ళిలో గుంపులో నిలబడింది. రెండో దాన్ని కళ్ళ మూలలూ ముక్కు మొదలూ కలిసేలా ఈ ఫోటో మీద పరిచాను. కళ్ళకీ ముక్కుకీ మధ్య ఎముకల కొలతలు వయసుతో పెద్దగా మారవు, అందుకే అవి మేకుల్లా పనికొస్తాయి. దవడ మారుతుంది. చర్మం జారుతుంది, పళ్ళు పోతే బుగ్గ లోపలికి వెళ్తుంది. కాబట్టి పాత ఫోటో నాకు గడ్డం పొడవు చెప్పింది కానీ, చివరి ఏళ్ళలో బుగ్గ ఎలా ఉందో చెప్పలేదు.

తర్వాతది చర్మం. ఇక్కడ వాడే పద్ధతికి ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అని పెద్ద పేరు. బొమ్మని రెండు పొరలుగా విడదీస్తాం. మసకబరిచిన పొరలో వెలుగునీడలూ రంగూ ఉంటాయి. అసలు బొమ్మలోంచి దాన్ని తీసేస్తే మిగిలే రెండో పొరలో చర్మరంధ్రాలూ సన్నని గీతలూ ఉంటాయి. మసక ఎనిమిది పిక్సెళ్ళు పెట్టాను. అంతకంటే తక్కువైతే రంధ్రాలు కింది పొరలోనే ఉండిపోతాయి. ఈ పద్ధతితో గడ్డం మాయమవుతుందని కొందరనుకుంటారు. కాదు. వెంట్రుకలు పై పొరలో పోయినా, వాటి గుంపు వేసిన మచ్చ కింది పొరలో ఉండిపోతుంది. రెండూ విడివిడిగా కట్టుకురావాలి. లాభమల్లా, దవడ ఆకారాన్ని సరిచేసేటప్పుడు రంధ్రాలు చెరగవు, రంధ్రాలు తెచ్చిపెట్టేటప్పుడు వెలుగు చెడదు.

రంధ్రాలు ఎక్కణ్ణించి తేవాలి? నుదుటి చర్మం పనికిరాదు, దానికి అడ్డగీతలూ నూనె మెరుపూ. కంటి కింది చర్మం మరీ పల్చన. గడ్డం వచ్చే చోట చర్మం గరుకుగా ఉంటుంది. గడ్డం పై అంచుకి ఆనుకుని ఒక సన్నని పట్టీ దొరికింది కానీ, దాన్నే పదిసార్లు అద్దితే ఒకే మచ్చ వరసగా కనపడి దొరికిపోతాం. చివరికి అన్నయ్యని అదే వరండాలో, అదే పొద్దుటి వెలుతురులో, ఎడమవైపు వెలుగు పడేలా కూర్చోబెట్టి, గీయించుకున్న ముఖం ఫోటో తీసి పంపమన్నాను. ఆ దవడ మీది రంధ్రాలు తెచ్చి తండ్రి దవడ మీద పరిచాను. ఆకారం తీసుకోలేదు, గరుకుదనమే. మీసం పూర్తిగా తీసే పని లేదు, ఆయనకెప్పుడూ ఉండేది. దీక్షలో పై పెదవి మీదికి వాలిన భాగం కత్తిరించి, పెదవి అంచు గీశాను. నల్ల గడ్డమైతే గీశాక కూడా చర్మం కింద మిగిలిన మొదళ్ళ వల్ల నీలంగా కనిపిస్తుంది, అది పెట్టకపోతే పసిబుగ్గలా ఉంటుంది. పెదనాన్నది దాదాపు అంతా నెరిసింది కాబట్టి ఆ నీలం కొద్దిగా సరిపోయింది. ఆఖరున, ఫోన్ కెమెరా వేసే గింజని కొత్త భాగం మీద కూడా చల్లాను. అది లేకపోతే ముఖంలో సగం ఫోటోగానూ, సగం ప్లాస్టిక్‌గానూ ఉంటుంది.

బొమ్మని అద్దంలోలా తిప్పి చూశాను, గోరంత చేసి చూశాను, నలుపు తెలుపు చేసి చూశాను. ఎక్కడా దొరకలేదు. అప్పుడు తట్టింది ఆ చిక్కు. నన్ను తీసెయ్యమన్నది ఒక గడ్డం. నేను దాంతోపాటు ఇంకో గడ్డాన్ని తయారుచేశాను.

2017లో వచ్చిన జస్టిస్ లీగ్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. రీషూట్ల నాటికి హెన్రీ కావిల్ మిషన్ ఇంపాసిబుల్ కోసం మీసం పెంచి ఉన్నాడు. ఆ సినిమా తీస్తున్న పారమౌంట్ గీయడానికి ఒప్పుకోలేదు. సూపర్‌మ్యాన్‌కి మీసం ఉండకూడదు కాబట్టి కంప్యూటర్లో తీశారు. పై పెదవి ఏదో తేడాగా ఉందని మొదటి సీన్లోనే జనం పట్టేశారు. ఆ పనివాళ్ళకి ఆధారాల కొరత లేదు, మీసం లేని కావిల్ ముఖం అప్పటికే గంటల కొద్దీ తెర మీద ఉంది. అయినా మాట్లాడే పెదవి క్షణక్షణం మారుతుంది, అది నప్పలేదు. వాళ్ళకి నిజం తెలుసు, నమ్మించలేకపోయారు. నాకు నిజం తెలియదు. కదలని బొమ్మ కాబట్టి నమ్మించగలను.

నమ్మదగినట్టు ఉండటమూ నిజంగా ఉండటమూ ఒకటి కాదని అందరికీ తెలుసు. కానీ ఈ పనిలో చేతికి తెలిసేదేమిటంటే, నైపుణ్యం పెరిగేకొద్దీ ఆ రెండిటి మధ్య గీత చెరిగిపోతుంది. మొదటి రాత్రి గవదబిళ్ళల బొమ్మ ఎవరినీ మోసం చెయ్యదు. అది తన అబద్ధాన్ని తనే చెప్పేస్తుంది. రెండో రాత్రిది చెప్పదు. అన్నయ్య కూతురికి మూడేళ్ళు. దానికి తాతయ్యంటే ఇకమీదట ఈ దవడే.

అలాగని మానెయ్యాలా? మానేస్తే గోడ మీద ఉండేది, ఏడాదిలో నలభై రోజులు మాత్రమే ఉండే ముఖం. అదీ పూర్తి నిజం కాదు కదా. నాకు తోచిందేమంటే, ఊహించే హక్కు నా ఒక్కడిదీ కాదు. ప్రింటుకి ముందు ఊరెళ్ళి పెద్దమ్మకి లాప్‌టాప్‌లో చూపించాను.

ఆమె చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. తెర మీద ఎడమ బుగ్గ కింద వేలు పెట్టి, "ఇక్కడ గుంట ఉండాలి నాయనా. దవడపళ్ళు పీకించుకున్నాక పడింది" అంది.

అన్నయ్య అడ్డుపడ్డాడు. "గుంటేం లేదమ్మా, నేను చూళ్ళేదూ?"

"నువ్వు పండక్కొచ్చి చూసేవాడివి. గీసుకున్నాక అద్దం పట్టుకునేది నేను."

ఎవరు కరెక్టో తేల్చడానికి ఇంకో ఫోటో లేదు. నేను పెద్దమ్మ మాట తీసుకున్నాను. కింది పొరలో ఆమె చూపించిన చోట మెత్తటి బ్రష్‌తో నీడ పెంచుతూ పోయాను. ఆమె "ఇంకా, ఇంకా" అంటూ, ఒక దగ్గర "ఆఁ చాలు" అంది. పై పొర ముట్టుకోలేదు, రంధ్రాలు అలాగే ఉన్నాయి. ఆమె జ్ఞాపకం మాత్రం తప్పు కాదని ఎలా చెప్పగలను? చెప్పలేను. కాకపోతే అది ఏ మనిషికైనా సరిపోయే లెక్క కాదు, ఆ ఒక్క ముఖాన్ని రోజూ చూసిన లెక్క.

ఫ్రేము కట్టించాక వెనక అట్ట మీద బాల్ పెన్నుతో రాశాను: ఫోటో తీసిన తేదీ, గడ్డం తీసింది నేనని, దవడ పాత ఫోటోనిబట్టీ పెద్దమ్మ చెప్పినదాన్నిబట్టీ గీసిందని. "వెనకవైపు ఎవడు చూస్తాడ్రా" అన్నాడు అన్నయ్య, మేకు కొడుతూ.

పెద్దకర్మకి వచ్చినవాళ్ళందరూ అచ్చం ఆయనే అన్నారు. భోజనాల దగ్గర కూర్చుని గోడ వంక చూస్తే అప్పుడు కనపడింది. గడ్డం అంచు పైకి జరిపాను కానీ, అది మెడ మీద వేసే నీడని పాత చోటే వదిలేశాను.