అంచు దగ్గర ఆగిన చెయ్యి

అమ్మమ్మ సంవత్సరీకానికి హాల్లో పెద్ద టీవీ పెట్టి ఆవిడ పాత ఫొటోలు వేద్దామన్నాడు అన్నయ్య. అన్నయ్యంటే మా పెద్దమ్మ కొడుకు. ఇంట్లో కంప్యూటర్ పనులన్నీ వాడివే. అన్నింటికన్నా పాతది 1964 నాటి ఫొటో, అమ్మమ్మ అత్తారింటికి బయల్దేరిన రోజున పెరట్లో తీసింది. నలుపూ తెలుపూ, మూడున్నర అంగుళాల చదరం. కుర్చీలో ముత్తాత, ఆయన పక్కన నిక్కరేసుకున్న పిల్లాడు, కుడి చివర అమ్మమ్మ. ఆవిడ ఎడమ భుజం మీద ఎవరిదో చెయ్యి. నాలుగు వేళ్ళు, రెండు మట్టిగాజులు, అక్కడితో ఫొటో అయిపోయింది.

ఆ ఫొటోని 600 డీపీఐలో స్కాన్ చేస్తే నిలువూ అడ్డమూ 2,100 పిక్సెళ్ళు వచ్చాయి. టీవీ తెరేమో 16:9. ఎత్తు మార్చకుండా తెర నిండాలంటే వెడల్పు 3,733 కావాలి. అంటే మిగతా 1,633 పిక్సెళ్ళూ ఎక్కణ్ణించో రావాలి. తెర మీద కనిపించే బొమ్మలో 44 శాతం ఆ రోజు కెమెరా చూడనిదే అవుతుంది.

పని మాత్రం అర నిమిషంలో అయిపోయింది. క్రాప్ టూల్ తీసుకుని అంచుల్ని లోపలికి కాకుండా బయటికి లాగాడు. ఏం కావాలో రాయమనే పెట్టెని ఖాళీగా వదిలేసి జనరేట్ నొక్కాడు. మూడు బొమ్మలొచ్చాయి. మూడింట్లోనూ ఎడమ పక్క గోడ, దాని మీద వాలిన చెట్టు నీడ చక్కగా కుదిరాయి. కుడి పక్కే తేడా. మొదటి దాంట్లో ఆ చేతికి ఒక మనిషి మొలిచింది. ముప్పై ఏళ్ళావిడ, పట్టుచీర, మెడలో రెండు పేటల గొలుసు. రెండో దాంట్లో ఇంకొకావిడ, ముఖం వేరు, నగలు మాత్రం దాదాపు అవే. మూడో దాంట్లో చెయ్యి మోచేతి దగ్గర స్తంభంలోకి కరిగిపోయింది.

అన్నయ్య మొదటిది ఎంచుకుని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. పది నిమిషాల్లో పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, అది మా మేనత్తరా! ఎన్నేళ్ళయిందో చూసి!" ఆవిడ గొంతులో తడి నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పిన్ని అబద్ధమాడలేదు. ఎప్పుడూ లేని ఒక ముఖాన్ని నిజంగానే గుర్తుపట్టింది.

ఆ ముఖం ఎలా వచ్చిందో తెలిస్తే ఇందులో వింతేమీ కనిపించదు. ఈ సాఫ్ట్‌వేర్ ఫ్రేము అవతల ఏముందో కనిపెట్టదు. ఉన్న పిక్సెళ్ళని కదపకుండా ఉంచి, ఖాళీ భాగాన్ని ముందు అర్థంలేని చుక్కలతో నింపుతుంది. తర్వాత వాటిని మెట్టుమెట్టుగా సవరిస్తూ, తను నేర్చుకున్న లక్షలాది ఫొటోల్లో ఇలాంటి అంచు పక్కన సాధారణంగా ఏముంటుందో అటువైపు నడిపిస్తుంది. మనం ఏమీ రాయకపోతే దానికి తెలిసినవి రెండే: అంచు దగ్గరి పిక్సెళ్ళు, తన అలవాటు. అమ్మమ్మ పెళ్ళిచీర కట్టుకుని ఉంది కాబట్టి పక్కనున్నావిడకీ పట్టుచీరే వచ్చింది.

అతుకు కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. ఫొటోని 300 శాతం పెద్దది చేసి చూస్తే పాత భాగంలో ఫిల్ము గరుకుతనం, ఇసక చల్లినట్టు సన్నటి రేణువులు కనిపిస్తాయి. కొత్త భాగం మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది. గాజులు చూసినా తెలుస్తుంది. అంచు దాకా రెండు సన్నటి మట్టిగాజులు, అంచు దాటగానే లావుపాటి కంకణాల వరస. కానీ హాల్లో పదడుగుల దూరంలో కూర్చున్నవాళ్ళెవరూ ఇవి చూడరు.

ఫొటోలోని పిల్లాడు మా చిన్నతాతయ్య, అమ్మమ్మ తమ్ముడు. ఆయన ఫోన్లో వచ్చింది నమ్మలేదు. అసలు ఫొటో తెమ్మన్నాడు. కళ్ళజోడు పైకి తోసి, చాలాసేపు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "మేనత్తా లేదు, ఎవరూ లేదు. ఇది మా ఇంట్లో పనిచేసిన ఆవిడ చెయ్యి. అక్కని పెంచింది ఆవిడే. అక్క ఏడుస్తుంటే వచ్చి పట్టుకుంది. ఫొటో తీసేటప్పుడు పక్కకి జరగమన్నారు."

"పేరేంటి తాతయ్యా?"

ఆయన కాసేపు ఆగాడు. "పాలేరు పెళ్ళాం అనేవాళ్ళంరా," అన్నాడు.

జరగమంటే జరిగింది. చెయ్యి మాత్రం తియ్యలేదు, లేదా తీసేలోపు ఫొటో పడిపోయింది. ఆవిడ ఈ ఇంట్లో ఉందని చెప్పడానికి ఇప్పుడు మిగిలింది ఆ నాలుగు వేళ్ళే. మనం ఆ వేళ్ళకి పట్టుచీర కట్టి, మేనత్తని చేశాం. అప్పుడు పక్కకి పంపినవాళ్ళు కనీసం చేతిని వదిలేశారు.

"నేను ఎవరి ముఖమూ మార్చలేదు కదా, ఉన్న ఫొటో ఉన్నట్టే ఉంది," అన్నాడు అన్నయ్య. నిజమే, అమ్మమ్మ భుజం మీద ఒక్క పిక్సెల్ కూడా మారలేదు. కానీ చెయ్యి అంచు దగ్గర ఆగినంతసేపూ అది ఒక ప్రశ్న. ఎవరిది, ఎందుకు బయట ఉండిపోయింది అని అడిగిస్తుంది. పక్కన మనిషిని నిలబెట్టగానే అడగాల్సిన అవసరం పోయింది. లోపల ఏమీ మార్చకుండానే లోపలి అర్థం మారిపోయింది.

ఫొటోల్లో కల్పన కొత్తది కాదు. పాత స్టూడియోల్లో తాజ్ మహల్ తెర ముందు నిలబడి ఫొటోలు దిగేవాళ్ళు. కానీ అది తెర అని చూసిన ప్రతివాడికీ తెలుసు. తెలిసేలా చేసిన పొడిగింపులు ఇప్పుడూ ఉన్నాయి. రెంబ్రాంట్ 1642లో పూర్తి చేసిన 'నైట్ వాచ్' చిత్రాన్ని 1715లో ఆమ్‌స్టర్‌డామ్ టౌన్ హాల్ గోడకి పట్టడం లేదని నాలుగు వైపులా కోసేశారు. ఎడమ పక్కే దాదాపు 60 సెంటీమీటర్లు పోయింది. 2021లో రైక్స్ మ్యూజియం వాళ్ళు కంప్యూటర్ సాయంతో ఆ ముక్కల్ని తిరిగి తయారుచేశారు. అయితే వాళ్ళ దగ్గర సాక్ష్యం ఉంది. కోతకి ముందే గెరిట్ లుండెన్స్ అనే చిత్రకారుడు వేసిన చిన్న నకలు. దాన్ని చూసే, రెంబ్రాంట్ రంగుల పద్ధతిలో ఆ భాగాల్ని నింపారు. వాటిని విడి ముక్కలుగా ముద్రించి, అసలు చిత్రం చుట్టూ అమర్చి, కొన్ని నెలల తర్వాత తీసేశారు. ఏది రెంబ్రాంట్‌దో, ఏది కాదో చూసేవాళ్ళకి తెలుస్తూనే ఉంది.

మాకు లుండెన్స్ లేడు. ఉన్న ఒక్క సాక్షి చిన్నతాతయ్య. ఆయన్ని అడక్కముందే బొమ్మ తయారైపోయింది.

అందుకని ఈ టూలే వాడకూడదని నేననను. ఎడమ పక్క గోడ నాలుగడుగులు పెరిగితే ఎవరికీ నష్టం లేదు. నాకు తోచిన పద్ధతి ఒకటే. అంచుల్ని బయటికి లాగే ముందు ఆ అంచుని ఏది తాకుతోందో చూడాలి. గోడో ఆకాశమో అయితే సరే. చెయ్యి, చీర కొంగు, ఎవరిదో నీడ అయితే అక్కడ ఆగాలి. తెలిసినవాళ్ళని అడగాలి. ఎవరూ లేకపోతే ఖాళీగానే వదిలెయ్యాలి.

సంవత్సరీకం రోజున చదరం ఫొటోనే వేశాం, రెండు పక్కలా నల్లటి ఖాళీతో. భోజనాల దగ్గర ఒకరిద్దరు ఆ చెయ్యెవరిదని అడిగారు. చిన్నతాతయ్య చెప్పాడు. పేరు మాత్రం ఇంకా గుర్తురాలేదు.

గ్రూపులో పెట్టిన ఫొటోని అన్నయ్య తీసేశాడు. అప్పటికే పిన్ని దాన్ని ప్రింట్ తీయించి, ఫ్రేము కట్టించింది. అది మేనత్త కాదని ఆవిడకి చెప్పాం. "నాకు తెలీదేంట్రా ఆవిడ ముఖం," అంది.